‘ప్లీజ్ గైడ్ మీ’ అని మాత్రమే రాసిన విద్యార్థికి ప్రొఫెసర్ జవాబు ఎలా ఉండాలి?

కాంక్రీటు_గది
పీహెచ్‌డీ కోసం వచ్చే మెయిళ్ల గురించి అడుగుతున్నాను. మా ల్యాబ్ పని కాంక్రీటులో ఇనుప కడ్డీలు తుప్పు పట్టడం మీద. ఈ వారం వచ్చిన ఒక మెయిల్ మొత్తం ఇంతే: “గౌరవనీయులైన సర్, మీ పరిశోధన అంటే నాకు చాలా ఆసక్తి. ప్లీజ్ గైడ్ మీ.” సీవీ లేదు, ఏ కోర్సు చదివారో లేదు. నేను రాసుకున్న జవాబు ఇది:

> మీ ఆసక్తికి ధన్యవాదాలు. మా గ్రూపులో మంచి విద్యార్థులకు ఎప్పుడూ చోటు ఉంటుంది. మీ సీవీ పంపండి. అడ్మిషన్ సంగతి తర్వాత చూద్దాం.

మర్యాదగానే ఉందనుకుంటున్నాను. పంపే ముందు ఒకసారి చూస్తారా?

మూడో_సమీక్షకురాలు
పంపకండి. మర్యాదకు లోటేమీ లేదు, చిక్కంతా అవతలి మనిషి దాన్ని చదువుకునే తీరులో ఉంది.

“ఎప్పుడూ చోటు ఉంటుంది” అంటే ఆ విద్యార్థికి ‘సీటు వచ్చేసినట్టే’ అని వినిపిస్తుంది. ఇంట్లో చెప్పేస్తారు, వేరేచోట్ల దరఖాస్తులు ఆపేస్తారు. “సీవీ పంపండి” అన్నారు. పది నిమిషాల్లో వస్తుంది, ఎందుకంటే అది ఎప్పుడో తయారుగా ఉంది. దాన్ని చూసి మీరేం తేల్చుకుంటారు? మళ్లీ ఏదో ఒకటి అడగాల్సిందే. ఇక “తర్వాత చూద్దాం” అన్నది అన్నిటికంటే ప్రమాదం. మీరు పిలుస్తారని వాళ్లు కూర్చుంటారు, ఈలోగా దరఖాస్తు గడువు దాటిపోతుంది.

ఆ రెండు వాక్యాల మెయిల్లో వాళ్లు అడిగింది సీటా, స్కాలర్‌షిప్పా, ఏ కోర్సు చేయాలన్న సలహానా అన్నది మీకు తెలియదు. వాళ్లకూ తెలియకపోవచ్చు. కాబట్టి జవాబు వాళ్ల ప్రశ్నను ఊహించి రాయకూడదు. ఎవరు అడిగినా మారని విషయాలు చెప్పి, ఒక చిన్న పని ఇచ్చి ఆగిపోవాలి. ఈ ఏడాది చోటుందా, నిర్ణయం ఎవరిది, ఇప్పుడు చేయాల్సిన పని ఏమిటి, చేయకపోతే ఏమవుతుంది. ఈ నాలుగూ ఉంటే చాలు.

పోర్టల్_పంతులు
అంత అక్కర్లేదండీ. “విభాగం పోర్టల్లో దరఖాస్తు చేయండి, అందులో నా పేరు రాయండి” అని ఒక్క ముక్క చాలు. ప్రొఫెసర్ సరే అంటే సీటు వచ్చినట్టే కదా, మిగతాదంతా కాగితాల పని.

మూడో_సమీక్షకురాలు
పోర్టల్ లింకు ఇవ్వమనడం సరైనదే, ఇవ్వాల్సిందే. రెండో మాట మాత్రం అన్నిచోట్లా నిజం కాదు. అమెరికాలో చాలా విభాగాల్లో అడ్మిషన్ కమిటీది. ప్రొఫెసర్ మొగ్గు చూపినా కమిటీ కాదనవచ్చు. జీవశాస్త్రం వైపు చాలాచోట్ల మొదటి ఏడాది రెండు మూడు ల్యాబుల్లో తిరిగాకే గైడ్ ఎవరో తేలుతుంది, ముందుగా మాట ఇవ్వడం కుదరదు. జర్మనీలో సంప్రదాయ పద్ధతిలో చేసే డాక్టరేట్‌కు తిరగేసి ఉంటుంది, ముందు ప్రొఫెసర్ ఒప్పుకోవాలి. బ్రిటన్‌లో చాలాచోట్ల సూపర్‌వైజర్ ఒప్పుకున్నా ఫండింగ్ వేరే పోటీ. అందుకే ‘నిర్ణయం ఎవరిది’ అన్న వాక్యం జవాబులో ఉండాలంటున్నాను. మీకు రోజూ తెలిసిన సంగతే, విద్యార్థికి అసలు తెలియనిది అదే.

ఎదురుచూపు_22
నేను కూడా ఇలాంటి మెయిలే పంపాను సర్. “దరఖాస్తులో నా పేరు ప్రస్తావించండి” అని జవాబు వచ్చింది. అంటే తీసుకున్నట్టేనా? థాంక్స్ చెప్పి ఊరుకోవాలా, ఇంకేమైనా రాయాలా? అసలు మొదటి మెయిల్ ఎలా రాయాలో కూడా చెప్పండి.

మూడో_సమీక్షకురాలు
ఈ చర్చ జవాబు రాసేవాళ్ల గురించి తమ్ముడూ, అయినా మీ సంగతి ఇక్కడికే పనికొస్తుంది. తీసుకున్నట్టు కాదు. మీ దరఖాస్తు వస్తే ఆయన కంట పడేలా చూసుకోమని అర్థం, అంతకంటే ఎక్కువ చదవకండి. దరఖాస్తు వేయండి, వేశాక అదే మెయిల్ కింద ఒక్క వాక్యంలో ‘వేశాను’ అని రాయండి. వేరేచోట్ల వేయడం మానకండి.

కాంక్రీటు_గది గారూ, చూశారుగా, ఒక్క వాక్యాన్ని ఎలా చదువుకుంటున్నారో.

కాంక్రీటు_గది
అర్థమైంది. మరి ఆ చిన్న పని ఏమివ్వాలి? “నా పేపర్లు చదవండి” అంటే సరిపోతుందా?

మూడో_సమీక్షకురాలు
సరిపోదు. “పేపర్లు చదవండి” అంటే “చదివాను సర్, చాలా బాగున్నాయి” అని వస్తుంది. ఒకే పేపర్ పేరు చెప్పండి. సారాంశం చూసి రాయలేని ప్రశ్న అడగండి. కొలత కూడా మీరే చెప్పండి, లేకపోతే కొందరు నాలుగు పేజీలు పంపుతారు. ఒక గంటలో అయ్యే పని చాలు, అంతకు మించితే ఉచితంగా పని చేయించుకున్నట్టవుతుంది. మీ అంశంతోనే రాసి చూపిస్తాను:

> నమస్తే. మెయిల్ అందింది.
>
> వచ్చే విద్యా సంవత్సరానికి మా గ్రూపులో ఒక పీహెచ్‌డీ చోటు ఉండవచ్చు, ఫండింగ్ ఇంకా ఖరారు కాలేదు. అడ్మిషన్ నిర్ణయం విభాగం కమిటీది, నాది కాదు. దరఖాస్తు గడువు, అర్హతలు ఈ లింకులో ఉన్నాయి. నా జవాబు కోసం ఆగకుండా దరఖాస్తు చేయవచ్చు.
>
> మీకు ఏ విషయంలో సహాయం కావాలో మీ మెయిల్ నుంచి తెలియలేదు. మా పని మీద మాట్లాడాలనుకుంటే, జత చేసిన పేపర్ చదివి ఎనిమిది వాక్యాలకు మించకుండా రాయండి: అందులో ఏం కొలిచారు, ఎలా కొలిచారు, మూడో బొమ్మలో మీకు నమ్మకం కుదరనిది లేదా అర్థం కానిది ఏమిటి. మీరు చదివిన డిగ్రీ, ఎప్పుడు చేరాలనుకుంటున్నారో ఒక వాక్యంలో చేర్చండి. సీవీ ఇప్పుడు అవసరం లేదు.
>
> అది అందితే రెండు వారాల్లో జవాబిస్తాను. ఇది అడ్మిషన్ హామీ కాదు. ఇది రాయకపోయినా మీ దరఖాస్తుకు నష్టం లేదు.

చివరి రెండు వాక్యాలు తీసేయాలనిపిస్తుంది, కటువుగా ఉన్నాయని. తీయకండి.

వచ్చిన జవాబును ఎలా చూడాలంటే: సారాంశంలోని మాటలే తిరిగి వస్తే వాళ్లు బొమ్మ దాకా వెళ్లలేదన్నమాట. “క్లోరైడ్ వల్ల తుప్పు పెరుగుతుంది” అన్నది నిజమే, కానీ ఆ పేపర్ తెరవకుండానే రాయవచ్చు. “బూడిద కలిపిన నమూనాల్లో నీటికీ సిమెంటుకూ ఉన్న నిష్పత్తి కూడా మారింది కదా, తుప్పు ఆలస్యం కావడం బూడిద వల్లా, నీళ్లు తగ్గడం వల్లా?” అని అడిగితే వాళ్లతో అరగంట మాట్లాడవచ్చు. భాష తడబడినా పట్టించుకోకండి, ప్రశ్న చూడండి. తప్పు ప్రశ్నయినా ఫర్వాలేదు, అది ఆ బొమ్మ గురించే అయితే చాలు.

గుమాస్తా_గమనిక
అడ్మిషన్ ఆఫీసు వైపు నుంచి ఒక మాట. “మీ మార్కులు సరిపోతాయి” అని మెయిల్లో ఎప్పుడూ రాయకండి. డిగ్రీ సమానమా కాదా, భాషా పరీక్ష స్కోరు చాలుతుందా అన్నది ఆఫీసు చూస్తుంది. మేము కాదన్న రోజున విద్యార్థి మీ మెయిల్ తెచ్చి మా ముందు పెడతారు, తప్పు వాళ్లది కాదు. మీరు కమిటీలో ఉంటే, ‘నా స్టేట్‌మెంట్ దిద్ది పెట్టండి’ అంటే ఒప్పుకోకండి. మీరు దిద్దినదానికి మీరే మార్కులు వేయకూడదు. అడగకుండా పాస్‌పోర్టు, మార్కుల పత్రాలు పంపేవాళ్లూ ఉంటారు. అవి ఎవరికీ ఫార్వర్డ్ చేయకుండా తీసేసి, పోర్టల్లోనే పెట్టమని చెప్పండి.

చివరి_బెంచి
నాకు ఈ పద్ధతిలో ఒక అభ్యంతరం ఉంది. పేపర్ ఎలా చదవాలో చెప్పేవాళ్లున్న విద్యార్థి ఎనిమిది వాక్యాలు బాగా రాస్తాడు. ఆ రెండు ముక్కల మెయిల్ రాసినవాడికి అడిగే దిక్కు లేకే అలా రాశాడేమో. మీరు ఆసక్తిని కొలుస్తున్నామనుకుంటారు, కొలిచేది వాడి కాలేజీని.

మూడో_సమీక్షకురాలు
కొంత నిజమే. అందుకే పేపర్ జత చేయాలి. లింకిస్తే చాలామందికి డబ్బు కట్టమని వస్తుంది. ‘అర్థం కానిది’ అన్న మాట పెట్టింది కూడా అందుకే, అర్థం కాలేదని రాయడం కూడా లెక్కలోకి వస్తుంది. అంతకంటే మంచి పరీక్ష ఉంటే చెప్పండి, మారుస్తాను.

చివరి_బెంచి
పరీక్షే వద్దంటాను. ‘మీరేం చదివారు, ఏం చేయాలనుకుంటున్నారు’ అని రెండు ప్రశ్నలు అడగండి చాలు.

మూడో_సమీక్షకురాలు
అడిగితే అందరి దగ్గర్నుంచీ ఒకే జవాబు వస్తుంది. ఇక్కడ మనం ఏకీభవించం, వదిలేద్దాం.

పోర్టల్_పంతులు
ఇంత పొడవు ప్రతివాళ్లకీ ఎవరు రాస్తారు? జీమెయిల్లో ‘ప్లీజ్ గైడ్ మీ’ అన్న మాటకి ఫిల్టర్ పెట్టి, Send template ఎంచుకుంటే దానంతటదే వెళ్లిపోతుంది.

తంతి_తపాలా
టెంప్లేట్ వరకు మంచిదే. Settings లో See all settings, అందులో Advanced, అక్కడ Templates ని Enable చేసి సేవ్ చేయాలి. తర్వాత మెయిల్ రాసే పెట్టెలో మూడు చుక్కల మెనూ నుంచి దాచుకోవచ్చు. ఫిల్టర్‌తో తనంతట వెళ్లేలా మాత్రం పెట్టకండి. మూడు పేరాల్లో చక్కగా ప్రశ్న అడిగి చివర్లో అలవాటుగా “ప్లీజ్ గైడ్ మీ” అని ముగించేవాళ్లు చాలామంది. ఫిల్టర్‌కి ఆ తేడా తెలియదు, వాళ్లకి కూడా ‘ఏం కావాలో తెలియలేదు’ అని వెళ్తుంది. వాళ్లే మీకు కావాల్సినవాళ్లు కూడా.

ఇంకొకటి, టెంప్లేట్లో ఏటా మారేది ‘చోటు ఉండవచ్చు’ అన్న ఒక్క వాక్యమే. దాన్ని మొదటి పేరాలోనే ఉంచండి, పంపేముందు కంట పడుతుంది. చోటు నిండిపోయాక కూడా పాత వాక్యం వెళ్తూనే ఉండడం మామూలుగా జరిగే పొరపాటు.

కాంక్రీటు_గది
మరి వందమందికి ఒకేసారి పంపిన మెయిళ్లకు కూడా ఇదే పంపాలా? కొన్నింట్లో వేరే ల్యాబ్ అంశం ఉంటుంది, నా పేరు ఒక్కటే వేరే అక్షరాల సైజులో అతికించి ఉంటుంది.

గుమాస్తా_గమనిక
పోర్టల్ లింకుతో ఒక్క వాక్యం పంపండి. జవాబే లేకపోతే వారానికోసారి మళ్లీ వస్తుంది.

మూడో_సమీక్షకురాలు
నేనైతే వాటికి జవాబివ్వను. అలాంటి మెయిళ్లు పంపవద్దని ల్యాబ్ పేజీలో ఒక పేరా పెట్టి ఊరుకోవచ్చు.

కాంక్రీటు_గది
ఈ మెయిల్లో అయితే అలాంటి గుర్తులేమీ లేవు. పైన ఇచ్చిన జవాబే పంపుతున్నాను, పేపర్ జత చేసి. ఫండింగ్ వాక్యం మాత్రం మారుస్తాను, మాకు ఈసారి అది ఖరారైంది.

గుమాస్తా_గమనిక
‘ఖరారైంది’ అని రాసేముందు మంజూరు ఉత్తరం చేతికొచ్చిందో లేదో చూసుకోండి. ఎవరో ఫోన్లో చెప్పి ఉంటే మాత్రం పాత వాక్యమే ఉండనివ్వండి.