మేడ్ తర్వాత పోయిన 'టు' ప్యాసివ్‌లో మళ్లీ ఎందుకొస్తుంది?

మా తమ్ముడు పదో తరగతి. వాడి ఇంగ్లిష్ నోట్సు నిండా ఒకే రకం వాక్యాలు: "హి మేడ్ మి టు క్రై", "మై మదర్ లెట్ మి టు గో". మేక్, లెట్ తర్వాత ఎవరి చేత అన్నది చెప్పాక 'టు' లేకుండా నేరుగా క్రియ రావాలని చెప్పి "హి మేడ్ మి క్రై", "లెట్ మి గో" అని దిద్దించాను. భూతకాలం 'మేడ్'లోనే ఉంది కాబట్టి "మేడ్ మి క్రైడ్" అని కూడా రాయకూడదన్నాను. హెల్ప్‌తో పేచీ లేదు. "హెల్ప్డ్ మి క్యారీ ద బ్యాగ్" అన్నా, మధ్యలో 'టు' పెట్టినా ఒప్పే.

ప్యాసివ్ వాయిస్ దగ్గర ఇరుక్కున్నాం. నేను చెప్పిన రూల్ పట్టుకుని వాడు "ఐ వాజ్ మేడ్ క్రై" అని రాశాడు. గైడులోనేమో "ఐ వాజ్ మేడ్ టు క్రై" అని ఉంది. ఈ 'టు' ఎందుకు తిరిగొచ్చింది? లెట్‌కి కూడా "ఐ వాజ్ లెట్ టు గో" అనొచ్చా, లేక "వాజ్ అలౌడ్ టు గో" అని క్రియనే మార్చాలా? పైగా "షి గాట్ మి టు సైన్"లో 'టు' ఉండాల్సిందేనట. మేక్‌కి లేనిది గెట్‌కి ఎందుకో! పదో తరగతి పిల్లాడికి అర్థమయ్యేలా ఎవరైనా చెప్పగలరా?