ఆటలో ఇనుప కడ్డీలు పేరుకుపోకుండా తయారీ వ్యవస్థను ఎలా సరిచేయాలి?

నేను రూపొందిస్తున్న మల్టీప్లేయర్ ఆటలో గంటసేపు గని తవ్విన ఆటగాడికి 60 ఇనుప రాళ్లు దొరుకుతాయి. మూడు రాళ్లను కరిగిస్తే ఒక కడ్డీ వస్తుంది కనుక, అతని చేతికి 20 కడ్డీలు అందుతాయి. కత్తి తయారీకి 30 కడ్డీలు పడతాయి, అది 10 గంటల పోరాటం తరువాత విరిగిపోతుంది. అంటే గంట పోరాటానికి 3 కడ్డీలే ఖర్చవుతున్నాయి, కాబట్టి గంట తవ్వి గంట పోరాడిన ప్రతిసారీ 17 కడ్డీలు మిగులుతున్నాయి. పరీక్షలో కడ్డీ ధర వారం వారం పడిపోవడానికి ఇదే కారణమని నా అభిప్రాయం.

కత్తి ఆయుష్షును కుదిస్తే కొత్త ఆటగాళ్లే ఎక్కువగా నలిగిపోతారు, అది నాకు సమ్మతం కాదు. అందుకని కత్తికి మరమ్మతు ప్రవేశపెట్టి, ప్రతి మరమ్మతుకూ దాని గరిష్ఠ మన్నిక పదో వంతు తగ్గేలా చేయాలనుకుంటున్నాను. అయితే మరమ్మతు చవకైతే కొత్త కత్తుల అవసరమే తగ్గి, కడ్డీలు ఇంకా పేరుకుపోతాయేమో. మరమ్మతు ఖర్చును ఏ ప్రాతిపదికన నిర్ణయించాలో, మిగులును పై స్థాయి ఆయుధాల తయారీలోకి మళ్లించడం మేలేమో అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరా?