బ్యాడ్మింటన్ సింగిల్స్‌లో ప్రతి షాట్ తర్వాతా కోర్టు మధ్యకి రావాల్సిందేనా?

వెనక మూల: మా కోచ్ "కొట్టావా, మధ్యకి రా" అని ఒకటే అరుస్తారు. ప్రతిసారీ పరిగెత్తి వస్తూనే ఉన్నా, అయినా తర్వాతి షాట్‌కి ఆలస్యం అవుతోంది. అసలు ప్రతిసారీ మధ్యకి రావాల్సిందేనా?

పాత రాకెట్: రావాల్సిందే. మన సగం 6.7 మీటర్ల పొడవు, 5.18 మీటర్ల వెడల్పు, నాలుగు మూలలకీ సమానంగా అందుకోవాలంటే మధ్యలో ఉండటం తప్ప దారి లేదు. ఇందులో చర్చించడానికి ఏముందో నాకైతే అర్థం కాలేదు.

డ్రాప్ ప్రేమికుడు: నాలుగు మూలలకీ షటిల్ ఒకే వేగంతో రాదు కదండీ, చిక్కంతా అక్కడే. మీరు కుడి వెనక మూల నుంచి, నెట్ దాటగానే పడేలా నేరుగా డ్రాప్ వేశారనుకోండి. అవతలివాడు షటిల్‌ని మీ కుడి గీత దగ్గరే అందుకుంటాడు. అక్కడినుంచి వాడు త్వరగా ఇబ్బంది పెట్టగలిగేది నేరుగా వేసే నెట్ షాట్‌తో, అది పడేది మీ కుడి ముందు మూలలో. ఎడమ వెనక మూలకి ఎత్తి లేపితే షటిల్ గాల్లో చాలాసేపు ఉంటుంది, మీకు టైమ్ దొరుకుతుంది. కాబట్టి మధ్య గీతకి ఒక అడుగు కుడివైపు, కాస్త ముందుకు నిలబడితే సరిపోతుంది.

అదే మూల నుంచి క్రాస్ డ్రాప్ వేస్తే లెక్క తిరగబడుతుంది. వాడు నేరుగా నెట్ షాట్ వేశాడంటే అది మీ ఎడమ ముందు మూలలో పడుతుంది, అంటే మీరున్న చోటికి అన్నిటికన్నా దూరం. ఇప్పుడు మధ్య దాటి ఎడమవైపుకి రావాలి. అందుకే బ్యాలెన్స్ తప్పి కొట్టేటప్పుడు క్రాస్ వేయొద్దని నేను గట్టిగా చెప్తాను, ఆ తర్వాత పరిగెత్తాల్సిన దూరం మన చేతులారా పెంచుకున్నట్టే.

జోడీ ఆట: మేం ఒకరు ముందు, ఒకరు వెనక ఉంటాం, మధ్య గొడవే లేదు మాకు.

డ్రాప్ ప్రేమికుడు: అది డబుల్స్ అండీ, ఇక్కడ అడుగుతున్నది సింగిల్స్ గురించి.

వెనక మూల గారూ, మీ ఆలస్యానికి కారణం చోటు కాకపోవచ్చు, ఆగే సమయం కావచ్చు. అవతలివాడి రాకెట్ షటిల్‌ని తాకే క్షణానికి మీరు చిన్నగా ఎగిరి, రెండు కాళ్ల ముందు భాగాల మీద దిగుతూ ఉండాలి. అదే స్ప్లిట్ స్టెప్. మధ్యకి ఇంకా రెండు అడుగులు మిగిలున్నా సరే, వాడు కొట్టబోతున్నాడంటే ఉన్నచోటే ఆ గెంతు వేసేయాలి. పరిగెత్తుతూ ఉంటే ఆ వేగాన్ని ఆపి వెనక్కి తిరగాలి, వాడు మీరు వచ్చిన వైపుకే మళ్లీ వేశాడంటే ఇక అందదు. ఫోన్‌లో ఆట రికార్డు చేసి, వాడి రాకెట్ షటిల్‌ని తాకిన ఫ్రేమ్‌లో ఆపి మీ కాళ్లు చూడండి. మడమలు నేలకి అతుక్కుని ఉంటే గెంతు వేయలేదనో, మరీ ముందే వేసేశారనో అర్థం. ఒక కాలు ముందుకి చాచి పరుగులో ఉంటే గెంతు మర్చిపోయారన్నమాట.

పాత రాకెట్: ఆ గెంతు గురించి ఒప్పుకుంటా. కానీ కొత్తవాళ్లకి "కుడికి ఒక అడుగు, ముందుకి అర అడుగు" అంటే గందరగోళమే. వాళ్లకి ముందు మధ్య అలవాటు కావాలి, మిగతావి తర్వాత.

డ్రాప్ ప్రేమికుడు: మొదటి కొన్ని నెలలకైతే సరే. కానీ ఆ అలవాటు ఒకసారి గట్టిపడ్డాక మార్చడం ఎంత కష్టమో నేను పడి తెలుసుకున్నాను. మొదట్నుంచీ "నీ షటిల్ ఉన్న వైపుకి కొంచెం జరుగు" అని ఒక్క మాట చెప్తే చాలని నా నమ్మకం.

కుడి మోకాలు: నాది వేరే బాధ. నెట్ దగ్గరికి ఒక కాలు బాగా ముందుకి చాచి లంజ్ వేశాక వెనక్కి రాలేకపోతున్నా, మోకాలు కూడా నొప్పి. మధ్యకి రావాలా వద్దా అనేది తర్వాత సంగతి, ముందు లేవడమే కష్టంగా ఉంది.

డ్రాప్ ప్రేమికుడు: పాదం ఎటు చూస్తోందో గమనించండి. కాలి వేళ్లు, మోకాలు రెండూ షటిల్ వైపే ఉండాలి. పాదం లోపలికి తిరిగితే బరువంతా మోకాలి పక్కన పడుతుంది. మడమ ముందు ఆనాలి, తర్వాత పాదం మొత్తం. వెనక కాలిని ఉన్నచోటే వదిలేయకుండా పాదం లోపలి అంచు మీద కొంచెం జారనివ్వండి, అప్పుడు లంజ్ మరీ సాగిపోదు, ముందు కాలితో నేలని తోసి వెనక్కి రావచ్చు. నడుము వంచి చెయ్యి చాస్తే మాత్రం ముందు తల ఎత్తాకే కాలు లేస్తుంది. నొప్పి ఉండిపోతే లంజ్‌లు ఆపి ఫిజియోథెరపిస్ట్‌కి చూపించండి, దాన్ని ఆటతో సర్దుకోవద్దు.

ఇంకో మాట. నెట్‌కి ఆనుకునేలా షాట్ పడితే పూర్తిగా మధ్యకి వెళ్లకండి, ఒక అడుగు వెనక్కి వేసి రాకెట్ ఎత్తి నిలబడండి. వాడు మళ్లీ నెట్ షాట్ వేస్తే అక్కడే కొట్టేయొచ్చు. షాట్ ఎత్తుగా పోతే మాత్రం ఈ సలహా పనికిరాదు, నెత్తిమీద నుంచి దాటించేస్తాడు.

వెనక మూల: నిన్నటి ఆట ఆపి ఆపి చూశా. పది ర్యాలీల్లో ఏడుసార్లు వాడు కొట్టే క్షణానికి నేను మధ్యకి పరుగులోనే ఉన్నా. రెండుసార్లు మధ్యకి చేరి మడమల మీద నిలబడిపోయా. రేపు ఉన్నచోటే గెంతి చూస్తా. మా కోచ్ ఊరుకుంటారో లేదో మాత్రం తెలీదు.

పాత రాకెట్: ఆ వీడియో ఆయనకే చూపించండి. నేనూ నా ఆట ఒకసారి రికార్డు చేసి చూస్తాను, కానీ కొత్తవాళ్ల సంగతిలో నా మాట మారదు.