దసరా లక్కీ డ్రా నిబంధనలు ఇలా రాస్తే గొడవలు రావా?

మాది చిన్న బట్టల షాపు. పోయిన దసరాకి కరపత్రంలో "5,000 పైన కొంటే 500 క్యాష్‌బ్యాక్, లక్కీ డ్రా" అని మాత్రమే వేశాం. ఒకావిడ 3,000, 2,200 బిల్లులు రెండూ కలిపి ఇవ్వమన్నారు. ఇంకొకాయన 5,400కి కొని, క్యాష్‌బ్యాక్ తీసుకున్న మర్నాడే 900 చీర వాపసు తెచ్చారు. తప్పు మాదేలెండి, ముందే రాయలేదు.

ఈసారి ఇలా రాశాను:

"అక్టోబరు 10 ఉదయం 10 నుంచి 20 రాత్రి 9 లోపు, డిస్కౌంట్ పోగా ఒకే బిల్లు 5,000 లేదా అంతకు మించితే 500 క్యాష్‌బ్యాక్, ఒక కూపన్. వాపసు వల్ల బిల్లు 5,000 కంటే తగ్గితే కూపన్ చెల్లదు, 500 మినహాయిస్తాం. డ్రా 25న సాయంత్రం 5కి షాపులో, అందరి ముందు. మా సిబ్బంది, వారి కుటుంబ సభ్యులు అనర్హులు."

గెలిచినవారు ఫోన్ ఎత్తకపోతే? 7 రోజులు చూసి, డ్రా రోజే తీసిపెట్టిన రెండో చీటీకి ఇవ్వాలనుకుంటున్నా. ఆ వాక్యం ఎలా రాయాలి?

ఇంకో టెన్షన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం అమ్మకాల కోసం పెట్టే లాటరీలను అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చిందని, ఫలితాలు చెప్పకపోవడమూ తప్పేనని మా ఆడిటర్ అన్నారు. విజేతల కూపన్ నంబర్లు గోడకు అంటిస్తే సరిపోతుందా, డ్రా మానేసి క్యాష్‌బ్యాక్ ఒక్కటే ఉంచమంటారా? నడిపినవాళ్లెవరైనా చెప్పండి.