గడ్డ 3.4 సెం.మీ., కానీ ఒక లింఫ్ గ్రంథి మీద అనుమానం: ఆపరేషనా, కీమో రేడియేషనా?

మా అక్కకి 46 ఏళ్లు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని బయాప్సీలో తేలింది, స్క్వామస్ రకం. ఎంఆర్ఐలో గడ్డ 3.4 సెం.మీ. ఉంది. పక్క కణజాలంలోకి, యోనిలోకి పాకలేదు. అంతవరకే చూస్తే స్టేజ్ ఐబీ2, ఆపరేషన్‌తో సరిపోవచ్చు.

చిక్కల్లా అదే రిపోర్టు చివరి లైన్లో ఉంది: కుడివైపు కటి భాగంలో 11 మి.మీ. లింఫ్ గ్రంథి, "అనుమానాస్పదం". 2018 ఫిగో స్టేజింగ్ పద్ధతిలో అందులో క్యాన్సర్ ఉంటే గడ్డ సైజుతో పనిలేదు, స్టేజ్ ఏకంగా IIIC1 అవుతుంది.

పెట్ స్కాన్ చేయించాం, "స్వల్పంగా వెలిగింది" అన్నారు, తేల్చి చెప్పలేదు. సూదితో తీసిన శాంపిల్‌లో కణాలు చాలలేదు.

సర్జన్ గర్భాశయంతో పాటు గ్రంథులూ తీసేద్దామంటున్నారు. రేడియేషన్ డాక్టర్ మాత్రం వద్దంటున్నారు: గ్రంథిలో క్యాన్సర్ తేలితే ఆపరేషన్ తర్వాత ఎలాగూ కరెంటు పెట్టాలి, రెండింటి బాధలూ పడాలి, పేగులకి, మూత్రాశయానికి ఇబ్బంది, కాళ్ల వాపు పెరుగుతాయని. ఆయన ప్లాన్: ఐదు వారాలు రేడియేషన్, వారానికోసారి సిస్ప్లాటిన్ అనే కీమో మందు, చివర్లో లోపలి నుంచే రేడియేషన్ ఇచ్చే బ్రాకీథెరపీ, మొత్తం ఎనిమిది వారాల్లోపే ముగించాలి. ఇద్దరి మాటా సబబుగానే ఉంది, అదే మా టెన్షన్.

ముందు ఆ గ్రంథి ఒక్కటే తీసి, ఆపరేషన్ టేబుల్ మీదే ఫ్రోజెన్ సెక్షన్‌లో, అంటే ముక్కని గడ్డకట్టించి అప్పటికప్పుడే మైక్రోస్కోప్ కింద చూసి, క్యాన్సర్ ఉంటే గర్భాశయం తీయకుండా ఆపేసి కీమో రేడియేషన్‌కి వెళ్లమని సర్జన్‌ని అడగడం సరైనదేనా?