'తఖ్లీద్'ని 'అంధానుకరణ' అనొచ్చా?

లలిత: 'ఇజ్తిహాద్' గురించి ఇక్బాల్ ఇచ్చిన ఉపన్యాసాన్ని, 1930లో పుస్తకంలో వచ్చినదాన్ని, తెలుగు చేస్తున్నాను. తఖ్లీద్ అన్న చోటల్లా 'అంధానుకరణ' అని రాసుకుంటూ వచ్చాను. నిన్న మా వీధిలో ఉండే మౌల్వీగారికి రెండు పేజీలు చదివి వినిపిస్తే, "నేను ఇమామ్ అబూ హనీఫా బాటలో నడిచే హనఫీనమ్మా, తఖ్లీద్ చేసేవాణ్ణే. నేను గుడ్డివాణ్ణా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఏం రాయాలి?

శ్రీనివాస్: 'నకలు' అని రాయండి. తఖ్లీద్, నకలు ఒకే ధాతువు నుంచి వచ్చాయి. పాతవాళ్లు చెప్పినదాన్ని కాపీ కొట్టడమే కదా.

రసూల్: శ్రీనివాస్ గారూ, అర్థం దగ్గర్లోనే ఉంది కానీ ధాతువులు వేరు. నకలులో న-ఖ-ల, తఖ్లీద్‌లో ఖ-ల-ద. మన దక్కనీలో 'ఖాఫ్'ని 'ఖ' అంటాం కాబట్టి చెవికి ఒకేలా తగులుతాయి. అరబ్బీలో 'ఖిలాదా' అంటే మెడలో వేసుకునే హారం. ఒకరి మాట బాధ్యతను వాళ్ల మెడలోనే వేసి, రుజువు అడగకుండా ఒప్పుకోవడం తఖ్లీద్. ఢిల్లీ పండితుడు షా వలీయుల్లా ఈ విషయం మీదే రాసిన గ్రంథం పేరు 'ఇఖ్దుల్ జీద్', అంటే మెడలోని హారం. ఆ పేరు పెట్టడంలోనే ఆయన చమత్కారం ఉంది.

లలిత గారూ, మౌల్వీగారి బాధ న్యాయమైనదే. సామాన్యుడు పండితుడి మాట నమ్మడం తప్పని సంస్కర్తలు కూడా ఎక్కువమంది అనలేదు. చదువుకున్న ముఫ్తీ, తీర్పు చెప్పే ఖాజీ కూడా వెయ్యేళ్లనాటి గ్రంథం దాటి ఆలోచించకపోవడం మీదే ఈజిప్టులో ముహమ్మద్ అబ్దూ, రషీద్ రిదా, ఇక్కడ ఇక్బాల్ విరుచుకుపడ్డారు. 'అంధానుకరణ' అని రాస్తే ఆ తిట్టు మాటలోనే చేరిపోతుంది.

వెంకట్: ఇజ్తిహాద్ అంటే జిహాద్‌లాంటిదేగా? ఇక్బాల్ యుద్ధం చెయ్యమన్నాడా?

రసూల్: ధాతువు ఒకటే, శ్రమపడటం అని. ఇక్కడ శ్రమ బుర్రతో. ఒక న్యాయ ప్రశ్న మీద మూలాలు చూసి సొంతంగా నిర్ణయానికి రావడం.

కరీమా: మా పెద్దమ్మ సంగతి చెప్తాను. పెదనాన్న కువైట్ వెళ్లి జాడ లేకుండా పోయారు. ఊళ్లో ఒక పెద్దాయన "ఓపిక పట్టు, ఆయన పోయాడని ఎవరు చెప్పారు?" అంటూనే ఉన్నారు. చివరికి కోర్టుకు వెళితే, నాలుగేళ్లు కబురు లేకపోతే చాలన్నారు. డిక్రీ వచ్చాక ఇంకో 6 నెలలు ఆగాలి, ఈలోగా భర్త తిరిగొచ్చి కాపురం చేస్తానంటే డిక్రీ రద్దవుతుంది. ఆ 6 నెలలూ గేటు చప్పుడైతే చాలు పెద్దమ్మకు టెన్షన్. ఈ నాలుగేళ్ల లెక్క ఎక్కడిది?

రసూల్: కరీమా, నీ ప్రశ్నే లలిత గారికి జవాబు. హనఫీ గ్రంథాల ప్రకారం జాడలేని భర్త ఈడువాళ్లంతా పోయేదాకా భార్య ఎదురుచూడాలి. కొందరు ఆయన పుట్టినప్పటి నుంచి 90 ఏళ్లని లెక్క కట్టారు. భర్త తిండి పెట్టకపోయినా ఆమెకు దారి లేదు. అందుకని పంజాబ్‌లో కొందరు ఆడవాళ్లు ఆ భర్తల్ని వదిలించుకోవడానికి మతమే వదిలేశారు, అలా చేస్తే నికా తెగిపోతుందని. ఇక్బాల్ ఈ సంగతే ఎత్తి, హనఫీ న్యాయ గ్రంథం 'హిదాయా'లో మతం వదలడం గురించి ఉన్న నియమం ఈ దేశంలో విశ్వాసాన్ని కాపాడుతోందా అని అడిగాడు.

తర్వాత థానాభవన్ మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ ఇంకో న్యాయ సంప్రదాయమైన మాలికీకి చెందిన మదీనా పండితుల ఫత్వాలు తెప్పించుకుని, మాలికీల నాలుగేళ్ల గడువును హనఫీ ఆడవాళ్లకు వర్తింపజేశారు. అదే 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టంలోకి వచ్చింది. మతం మారినంత మాత్రాన నికా తెగదని కూడా అందులోనే రాశారు. అయితే తీర్పు చెప్పేది ముస్లిం జడ్జే కావాలని థాన్వీ పట్టుబట్టారు. చట్టంలో అది నిలవలేదు, ఉలమాకు ఆ అసంతృప్తి ఉండిపోయింది.

శ్రీనివాస్: అయితే థాన్వీగారు ఇజ్తిహాద్ చేసినట్టేగా!

రసూల్: ఆయన ఒప్పుకునేవారు కాదు. అవసరం వచ్చి ఇంకో ఇమామ్ మాట తీసుకున్నానని, అదీ తఖ్లీదేనని ఆయన పక్షం. నాకు మాత్రం, ఎప్పుడు ఎవరి మాట తీసుకోవాలో తేల్చడానికే పెద్ద ఆలోచన కావాలనిపిస్తుంది. మా మదరసా మిత్రులతో దీని మీద ఇప్పటికీ వాదనే.

కరీమా: పెద్దమ్మకు ఏ పేరైనా ఒకటే అన్నా. ఆమెకు దారి దొరికింది.

లలిత: 'తఖ్లీద్' అని అలాగే ఉంచేస్తాను, ఇక్బాల్ కోపంగా అన్నచోట 'గుడ్డి తఖ్లీద్' అని. మామూలు చోట 'అనుసరణ' సరిపోతుందా అన్నది ఇంకా తేలలేదు. శుక్రవారం నమాజు తర్వాత మౌల్వీగారికి మళ్లీ చదివి వినిపిస్తాను.