ఇంజినీర్ రాతల కింద పెట్టే రచయిత పరిచయం: మూడు నాలుగు వాక్యాల్లో ఏం ఉండాలి?

గోదారిగట్టు
నేను పోస్ట్‌గ్రెస్ మీద వ్యాసాలు రాస్తుంటాను. ఎక్కువగా వ్యాక్యూమ్, ఇండెక్స్ బ్లోట్, నెమ్మదిగా నడిచే క్వెరీలు. ప్రతి వ్యాసం కింద వచ్చే పరిచయం ప్రస్తుతం ఇది:

"టెక్నాలజీ అంటే ప్రాణమిచ్చే ఫుల్‌స్టాక్ డెవలపర్‌ని. 9 ఏళ్ల అనుభవం. జావా, పైథాన్, రియాక్ట్, పోస్ట్‌గ్రెస్, డాకర్, కుబెర్నెటీస్ వచ్చు. పోస్ట్‌గ్రెస్ కంట్రిబ్యూటర్‌ని. కోట్ల మంది వాడే సిస్టమ్స్ కట్టాను."

చదివినవాళ్లకి నమ్మకం కలిగేలా మార్చాలి. కంపెనీ పేరు పెట్టాలా? ఫోటో ఉండాలా? సర్టిఫికేషన్లు రాయాలా? నాలుగు వాక్యాలు దాటకూడదు.

సున్నాతోమొదలు
బ్రదర్, స్కిల్స్ పైకి తీసుకురండి. రిక్రూటర్ పైనున్న రెండు లైన్లే చూస్తాడు. జాబ్ డిస్క్రిప్షన్‌లో ఉన్న పదాలు మీ సమ్మరీలో లేకపోతే ఫిల్టర్‌లోనే పోతుంది. నోటీస్ పీరియడ్ కూడా రాస్తే మంచిది.

డీబీఏ_నెల్లూరు
ఆయన అడిగింది రెజ్యూమె గురించి కాదు. వ్యాసం చదివినవాడికి ఒకటే అనుమానం ఉంటుంది: "ఇతను చెప్పినట్టు నా ప్రొడక్షన్ డేటాబేస్‌లో autovacuum సెట్టింగ్ మార్చవచ్చా?" పరిచయం ఆ అనుమానానికి జవాబు చెప్పాలి. వ్యాక్యూమ్ గురించి రాసినవాడికి రియాక్ట్ వచ్చా రాదా అన్నది ఆ పాఠకుడికి అక్కర్లేదు. పైగా ఆరు పేర్లు వరుసగా పెడితే పోస్ట్‌గ్రెస్ ఆరింటిలో ఒకటైపోతుంది. ఐదు తీసేయండి, మిగిలినదానికి బలం వస్తుంది.

"9 ఏళ్ల అనుభవం" అన్న మాట వచ్చే ఏడాదికి తప్పవుతుంది. "2016 నుంచి" అని రాస్తే మార్చే పని ఉండదు. అది కూడా మొత్తం ఉద్యోగానికి కాదు, పోస్ట్‌గ్రెస్ చేతపట్టిన సంవత్సరం వేయండి.

ఇక "కోట్ల మంది వాడే సిస్టమ్స్". ఆ కోట్ల మంది కంపెనీ వాడకందారులు. అందులో మీ చేతిలో ఉన్నది ఎంత? డేటాబేస్ సైజు, దాన్ని ఎంతమంది చూసుకుంటారు, రాత్రి అలారం మోగితే లేచేది మీరేనా? ఇలాంటివి చదివితే పనిచేసినవాడెవరో పనిచేసినవాడికి వెంటనే తెలిసిపోతుంది.

కోడ్‌గూడు
అన్నీ బాగానే ఉన్నాయి కానీ అసలు సంగతి గూగుల్. పరిచయం బలంగా ఉంటే ర్యాంకింగ్ పెరుగుతుంది. E-E-A-T అని ఉంది కదా, అనుభవం, నైపుణ్యం, అధికారం, నమ్మకం. రచయిత మార్కప్ పెట్టి ఏళ్లు, హోదా, కంపెనీ అన్నీ name లోనే రాసేయండి. సెర్చ్‌లో ఫోటో కూడా వస్తుంది.

లాగ్‌రీడర్
@కోడ్‌గూడు, సగం సరైనది, సగం పాతది. సెర్చ్‌లో రచయిత ఫోటో, పేరు చూపించడం గూగుల్ 2014లోనే ఆపేసింది. E-E-A-T అన్నది ఫలితాల నాణ్యతను అంచనా వేసే మనుషులకు ఇచ్చిన మార్గదర్శకాల్లోది. అనుభవం అనే మొదటి E అందులో 2022 డిసెంబర్‌లో చేరింది. అది నేరుగా ర్యాంకింగ్ కొలమానం కాదని గూగులే చెప్పింది.

మార్కప్ పెట్టడం మంచిదే. కానీ name లో పేరు మాత్రమే ఉండాలి, హోదా, కంపెనీ అందులో కలపవద్దని గూగుల్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. హోదాకి వేరే చోటు ఉంది:

```json
"author": {
  "@type": "Person",
  "name": "మీ పేరు",
  "jobTitle": "Database Engineer",
  "url": "https://example.com/about"
}
```

url లో ఇచ్చే పేజీ నిజంగా మీ గురించే ఉండాలి. హోమ్‌పేజీకి పంపితే ఉపయోగం లేదు.

కోడ్‌గూడు
సరే, name సంగతి ఒప్పుకుంటా. మిగతాది నేను చెప్పినట్టే పెట్టినా నష్టమేం లేదు.

డీబీఏ_నెల్లూరు
అందరూ వదిలేసిన ముఖ్యమైన ముక్క ఒకటుంది. "పోస్ట్‌గ్రెస్ కంట్రిబ్యూటర్‌ని." గోదారిగట్టు గారూ, మీరు ఏం పంపారు? కోడ్ ప్యాచా, డాక్యుమెంటేషనా, బగ్ రిపోర్టా?

గోదారిగట్టు
డాక్యుమెంటేషన్ సవరణ ఒకటి, వ్యాక్యూమ్ గురించిన పేజీలో. అది కమిట్ అయింది. వెర్షన్ 16 రిలీజ్ నోట్స్ చివర్లో పేర్ల జాబితాలో నా పేరుంది. అందుకే కంట్రిబ్యూటర్ అని రాశాను.

డీబీఏ_నెల్లూరు
అయితే ఆ మాట తీసేయండి. పోస్ట్‌గ్రెస్ వెబ్‌సైట్‌లో కంట్రిబ్యూటర్ల పేజీ వేరే ఉంది. అందులో మేజర్ కంట్రిబ్యూటర్ల లాంటి వరుసలు ఉంటాయి. చాలాకాలం గణనీయంగా పనిచేసినవాళ్లకే అందులో చోటు. మీ వ్యాసం చదివి ఎవరైనా అక్కడికెళ్లి వెతికి, మీ పేరు కనపడకపోతే మీరు అబద్ధం చెప్పారనుకుంటారు.

వరంగల్_వాణి
ఇది మరీ అన్యాయం. రిలీజ్ నోట్స్‌లోనే ఆ జాబితా పైన ఈ రిలీజ్‌కి కంట్రిబ్యూట్ చేసినవాళ్లు అని వాళ్లే రాసుకున్నారు. వాళ్లు వాడిన మాట ఈయన వాడకూడదా? డాక్యుమెంటేషన్ రాసినవాళ్లంటే ఎప్పుడూ ఇదే చిన్నచూపు.

డీబీఏ_నెల్లూరు
వాణి గారూ, చిన్నచూపు కాదు. ఆ పైవాక్యం పూర్తిగా చదవండి. ప్యాచ్ రాసినవాళ్లు, కమిటర్లు, రివ్యూ చేసినవాళ్లు, పరీక్షించినవాళ్లు, సమస్య రిపోర్ట్ చేసినవాళ్లు అందరూ ఒకే జాబితాలో అక్షరక్రమంలో ఉంటారు. ఒక్క బగ్ మెయిల్ పంపినా పేరు రావచ్చు. అందుకే ఆ జాబితా చూసి ఎవరు ఏం చేశారో తెలియదు. తెలియని చోట పాఠకుడు పెద్దదే ఊహించుకుంటాడు, తర్వాత నిజం తెలిసి మోసపోయాననుకుంటాడు.

వరంగల్_వాణి
ఊహించుకోవడం పాఠకుడి తప్పు. డాక్యుమెంటేషన్ రాసేవాళ్లు ప్రతిసారీ "నేను కోడ్ రాయలేదు" అని ముందే ఒప్పుకోవాలా? కోడ్ రాసినవాళ్లని ఎవరూ అలా అడగరు.

లాగ్‌రీడర్
ఇద్దరూ కాస్త ఆగండి. అది కంట్రిబ్యూషనే, వాణి గారు చెప్పింది నిజం. కానీ పరిచయంలో "కంట్రిబ్యూటర్" అనే బిరుదు కంటే చేసిన పని పేరు ఎక్కువ నమ్మిస్తుంది. "వ్యాక్యూమ్ డాక్యుమెంటేషన్‌లో నా సవరణ వెర్షన్ 16లో చేరింది" అంటే తగ్గించుకున్నట్టు కాదు. వ్యాక్యూమ్ మీద రాసేవాడికి అంతకంటే సరిపోయే ఆధారం ఏముంది? ఏదో ఆప్టిమైజర్ ప్యాచ్ రాసినా ఇక్కడ ఇంత పనికిరాదు.

ఆధారం లింక్ ఇవ్వడంలో ఒక చిక్కుంది. పోస్ట్‌గ్రెస్‌లో గిట్ ఆథర్‌గా కమిటర్ పేరే పడుతుంది. ప్యాచ్ రాసినవారి పేరు కమిట్ సందేశం లోపల Author: అనే వరుసలో ఉంటుంది. git shortlog చూసినా, గిట్‌హబ్‌లో కంట్రిబ్యూటర్ల గ్రాఫ్ చూసినా మీరు కనపడరు. పాఠకుడు అక్కడ వెతికి లేడనుకుంటాడు. సందేశంలో వెతకాలి:

```
git log --oneline --grep='Your Name'
```

వచ్చిన కమిట్‌కే నేరుగా లింక్ ఇవ్వండి. సందేశంలో మీ పేరు Reported-by: పక్కన ఉంటే "రిపోర్ట్ చేశాను" అనే రాయాలి, Author: పక్కన ఉంటేనే "రాశాను".

గోదారిగట్టు
చూశాను. Author: పక్కనే ఉంది.

డీబీఏ_నెల్లూరు
అయితే ఇక అనుమానం లేదు, లింక్ పెట్టండి. "కంట్రిబ్యూటర్" మాట మీద నా అభ్యంతరం మాత్రం అలాగే ఉంది.

వరంగల్_వాణి
నా అభ్యంతరమూ అలాగే ఉంది. అది పక్కనపెడితే ఇంకో విషయం. పరిచయం ఉత్తమ పురుషలో రాయాలా, ప్రథమ పురుషలోనా? పత్రికల్లో అందరికీ "పనిచేస్తున్నారు" అని వేస్తారు, అది సంపాదకులు రాస్తారు కాబట్టి సరిపోతుంది. మన సైట్‌లో మన గురించి మనమే "రాస్తున్నారు" అంటే మనకి మనమే గారు తగిలించుకున్నట్టు ఉంటుంది. మగవాళ్లు "పనిచేస్తున్నాడు" అని తప్పించుకుంటారు. ఆడవాళ్లకి ఆ దారీ లేదు, "పనిచేస్తోంది" అంటే సర్వర్ పనిచేస్తోంది అన్నట్టే ఉంటుంది.

సున్నాతోమొదలు
ఇంగ్లీషులో రాస్తే ఈ గొడవే ఉండదు కదా.

వరంగల్_వాణి
తెలుగు వ్యాసం కింద ఇంగ్లీషు పరిచయం ఎందుకు? చదివేవాళ్లు తెలుగువాళ్లే కదా.

లాగ్‌రీడర్
"పనిచేస్తున్నాను" అన్నదే హాయి. ఇతరుల సైట్‌కి పంపేటప్పుడు క్రియ లేని వాక్యం వాడవచ్చు: "హైదరాబాద్‌లో డేటాబేస్ ఇంజినీర్." ఎవరికైనా సరిపోతుంది. కానీ నాలుగు వాక్యాలూ అలాగే ఉంటే విజిటింగ్ కార్డులా అయిపోతుంది, ఒకటి చాలు.

కోడ్‌గూడు
సర్టిఫికేషన్ల గురించి ఎవరూ చెప్పలేదు. ఏడబ్ల్యూఎస్ సర్టిఫికేషన్ ఉంటే తప్పకుండా పెట్టాలి.

డీబీఏ_నెల్లూరు
దానికి మూడేళ్లే గడువు. తిరిగి పరీక్ష రాయకపోతే పరిచయంలో చెల్లని కాగితం మిగులుతుంది. పైగా వ్యాసం వ్యాక్యూమ్ మీద. ఏడబ్ల్యూఎస్ మీద రాసినప్పుడు పెట్టుకోండి.

గోదారిగట్టు
మీరంతా చెప్పినవి కలిపి మళ్లీ రాశాను:

"హైదరాబాద్‌లో ఒక పేమెంట్స్ కంపెనీలో డేటాబేస్ ఇంజినీర్‌ని, 2016 నుంచి పోస్ట్‌గ్రెస్ మీద పనిచేస్తున్నాను. ప్రస్తుతం 6 టెరాబైట్ల డేటాబేస్‌కి ఆన్‌కాల్ చూసే నలుగురిలో ఒకణ్ణి. పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్‌లో వ్యాక్యూమ్ పేజీకి నేను రాసిన సవరణ వెర్షన్ 16లో చేరింది (కమిట్ లింక్). నా వ్యాసాల్లో తప్పు కనిపిస్తే మెయిల్ చేయండి, దిద్ది తేదీ వేస్తాను."

లాగ్‌రీడర్
చివరి వాక్యం బాగుంది, కానీ నిజంగా దిద్దితేనే ఉంచండి. పాత వ్యాసాల్లో ఒక్కదానికైనా "ఫలానా తేదీన సవరించాను" అని కనపడాలి. రెండో విషయం, ఈ పరిచయం ప్రతి వ్యాసం ఫైల్‌లో విడిగా అతికించి ఉందా? జెకిల్ అయితే _data/authors.yml లో ఒకచోట పెట్టి లేఅవుట్ నుంచి పిలవండి. లేకపోతే ఉద్యోగం మారిన రోజున సగం వ్యాసాల కింద పాత కంపెనీ, సగం కింద కొత్త కంపెనీ ఉంటాయి. రెండు పరిచయాలు పొంతన లేకుండా కనపడితే చదివేవాడు రెండింటినీ నమ్మడు.

డీబీఏ_నెల్లూరు
6 టెరాబైట్లు, నలుగురు అన్న అంకెలు బయట చెప్పడానికి కంపెనీ ఒప్పుకుందా? మీ కంపెనీ వాళ్లు ఏదైనా సభలోనో, సొంత ఇంజినీరింగ్ పేజీలోనో ఇప్పటికే చెప్పిన అంకె ఉంటే అదే వాడండి. లేకపోతే మేనేజర్‌ని రాతపూర్వకంగా అడగండి. కంపెనీ పేరు పెట్టకపోయినా, హైదరాబాద్, పేమెంట్స్, 6 టెరాబైట్లు అంటే ఆ రంగంలో ఉన్నవాళ్లు పోల్చుకుంటారు.

వరంగల్_వాణి
అలాగైతే పేరే పెట్టేయవచ్చు కదా. పేరున్న కంపెనీ అయితే సగం నమ్మకం దానితోనే వస్తుంది.

డీబీఏ_నెల్లూరు
ఆ నమ్మకం కంపెనీది. వ్యాసంలో తప్పు దొర్లితే దాన్ని కూడా కంపెనీ ఖాతాలో వేస్తారు, అప్పుడు ఫోన్ వచ్చేది ఈయనకే. "అభిప్రాయాలు నా సొంతం" అని రాసినా ఆ ఫోన్ ఆగదు, నాలుగు వాక్యాల్లో ఒకటి మాత్రం దానికి పోతుంది.

వరంగల్_వాణి
కంపెనీ పాలసీని బట్టి ఉంటుంది అది. కొన్నిచోట్ల పేరు పెట్టమనే అంటారు.

గోదారిగట్టు
మేనేజర్‌కి ఇప్పుడే మెయిల్ పెట్టాను. అంకె వద్దంటే "ఆన్‌కాల్ చూసే నలుగురిలో ఒకణ్ణి" వరకైనా ఉంచవచ్చా? ఫోటో సంగతి ఎవరూ చెప్పలేదు.

సున్నాతోమొదలు
ఫోటో పాస్‌పోర్ట్ సైజు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్.

లాగ్‌రీడర్
అది కూడా రెజ్యూమెకే. గిట్‌హబ్‌లో ఏ ఫోటో ఉందో అదే ఇక్కడా పెట్టండి. కమిట్ లింక్ నుంచి మెయిలింగ్ లిస్ట్‌కి, అక్కడి నుంచి గిట్‌హబ్‌కి వెళ్లినవాడికి ఇద్దరూ ఒకరేనని తెలియాలి. పేరు స్పెల్లింగ్ కూడా చూసుకోండి, కమిట్ సందేశంలో ఇంటిపేరు ముందుండి ఇక్కడ వెనకుంటే వెతికినవాడికి దొరకరు.

గోదారిగట్టు
కమిట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది. పరిచయంలోనూ అలాగే మారుస్తాను.